టీపాయ్ మీద ఖాళీ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. సోఫా ముందు 42 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు ఉన్న టేకు టీపాయ్ ఉంది. మధ్యలో 20 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు ఉన్న చెక్క ట్రే, దానిలో అయిదు ఏటికొప్పాక బొమ్మలు, ట్రేకి ఎడమపక్క ఆరు పుస్తకాల దొంతర, కుడిపక్క మనీప్లాంటు కుండీ పెట్టాను. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, కలిపి చూస్తే ఇరుకుగా ఉంది. ఎవరైనా వస్తే టీ పెట్టడానికి చోటు లేక ఏదో ఒకటి కిందికి దించాల్సి వస్తోంది. గుమ్మం పక్కన 36 అంగుళాల పొడవు, 12 అంగుళాల లోతున్న కన్సోల్ టేబుల్ ఒకటి ఉంది. రెండేళ్ల మనవడు సెలవులకు వస్తుంటాడు. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీయాలి?
— ఒక గృహిణి, విశాఖపట్నం

సమాధానం: ఏది తీయాలన్నది తర్వాత చూద్దాం. ముందుగా మీరు రాసిన కొలతలనే కాగితం మీద పెట్టి చూడండి, ఇరుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. మీ టీపాయ్ పైభాగం 882 చదరపు అంగుళాలు. ట్రే ఆక్రమించేది 280. పెద్ద సైజు పుస్తకాల దొంతరకు ఒక 100, కుండీ కింది సాసరుకు ఒక 50 వేసుకుందాం. మొత్తం 430 దాటదు. అంటే ఇప్పటికీ మీ టీపాయ్‌లో సగానికి పైగా ఖాళీగానే ఉంది. అయినా అతిథి వస్తే కప్పు పెట్టే చోటు లేదు. ట్రే సరిగ్గా మధ్యలో ఉండటం వల్ల ముందు మూడున్నర, వెనుక మూడున్నర అంగుళాల పట్టీలు మిగిలాయి. ఎడమపక్కన మిగిలిన 11 అంగుళాల్లో పుస్తకాలు కూర్చున్నాయి, కుడిపక్కన మిగిలిన 11 అంగుళాల్లో కుండీ కూర్చుంది. ఖాళీ అంతా సన్నటి పేలికలైపోయింది. టీ కప్పు సాసరుకే దాదాపు ఆరు అంగుళాలు కావాలి, ఆ పేలికల్లో అది కుదురుగా ఎక్కడ కూర్చుంటుంది? కంటికి ఇరుకుగా తోచడానికి కూడా కారణం ఇదే. చూపు ఒక వస్తువు మీద నుంచి ఇంకో వస్తువు మీదికి గెంతుతూ పోతుందే తప్ప, మధ్యలో ఎక్కడా ఆగడానికి దానికి బయలు దొరకదు.

కాబట్టి ఖాళీ ఎంత ఉందన్నది కాదు, అది ఒకే చోట ఉందా లేదా అన్నది చూడాలి. మన ఇళ్లలో టీ ఎవరి కప్పు వారి చేతికి విడిగా ఇవ్వడం తక్కువ, నాలుగు కప్పులు, ఒక పళ్లెంలో బిస్కెట్లో పకోడీలో పెట్టి, అన్నీ ఒక ట్రేలో తెచ్చి టీపాయ్ మీద దించుతాం. ఆ వడ్డించే ట్రే సాధారణంగా 16 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉంటుంది. మీ వంటింట్లో ఉన్నదాన్ని కొలిచి, ఆ సైజుకు ఒక పాత వార్తాపత్రికను కత్తిరించి పెట్టుకోండి. టీపాయ్ మీది వస్తువుల్లో ఒక్కటి కూడా కదపకుండా ఆ కాగితం పూర్తిగా పరుచుకోగలిగితే మీ అమరిక సరైనది. దాని అంచు ఏ వస్తువు కిందికైనా మడత పడితే, అది ఎంత అందంగా కనిపించినా రోజూ మీ చేత పని చేయించుకునే అమరికే. నేను ఎవరి ఇంటి టీపాయ్ గురించైనా మొదట చేయమనేది ఈ పరీక్షే. ఫోటోలో చక్కగా కనిపించే అమరికల్లో చాలా భాగం దీని దగ్గరే ఆగిపోతాయి.

మీ ట్రేను మార్చవలసిన అవసరం లేదు, దాని స్థానాన్ని మారిస్తే చాలు. టీపాయ్ ఒక చివర నుంచి మూడు అంగుళాలు వదిలి, ట్రే పొడవు టీపాయ్ పొడవు వెంట ఉండేలా జరపండి. వెడల్పులో ముందూ వెనుకా మూడున్నర అంగుళాలు సమంగా మిగులుతాయి. అప్పుడు రెండో వైపు 19 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు ఉన్న ఒకే ఒక్క ఖాళీ వస్తుంది. మీ వడ్డించే ట్రే అందులో సుఖంగా పడుతుంది, పక్కన మంచినీళ్ల గ్లాసులు రెండు పెట్టినా తడుముకోనక్కరలేదు. ట్రేను అడ్డంగా తిప్పితే ఇంకా ఎక్కువ చోటు మిగులుతుంది కదా అని అనిపించవచ్చు. లెక్కకు అది నిజమే, కానీ 21 అంగుళాల వెడల్పులో 20 అంగుళాల ట్రే అంచుల దాకా వచ్చేస్తుంది, సోఫాలోంచి లేచేవారి మోకాలు తగిలి రోజూ జరుగుతూ ఉంటుంది. అంచు నుంచి కనీసం రెండు అంగుళాలు లేకుండా ఏ ట్రేనూ ఉంచకండి.

ఏ చివర అన్నది వంటింటి దారిని బట్టి నిర్ణయించుకోండి. టీ తెచ్చేవారు ఎటు నుంచి హాల్లోకి వస్తారో ఆ వైపు ఖాళీ ఉండాలి, ట్రే దానికి ఎదుటి చివర ఉండాలి. చాలా ఫ్లాట్లలో వంటిల్లు ఒక పక్క, బాల్కనీ ఇంకో పక్క ఉంటాయి గనుక ట్రే సహజంగానే బాల్కనీ వైపుకు వస్తుంది. దానిలో ఉంచబోయే మొక్కకు అది మేలు కూడా. ట్రే కింద నాలుగు మూలల్లో ఫెల్టు స్టిక్కర్లు అంటించండి. సముద్రపు గాలితో వచ్చే సన్నటి ఇసుక ట్రే కిందికి చేరుతుంది, ఫెల్టు లేకపోతే ట్రే జరిపిన ప్రతిసారీ అది టేకు పాలిషు మీద గీతలు పెడుతుంది.

ఇక పుస్తకాలూ మొక్కా ట్రే బయట ఉండకూడదు, రెండూ దాని లోపలికే రావాలి. టీపాయ్ మీద మూడు విడి దీవులు పెట్టకుండా అన్నిటినీ ఒకే గట్టు మీదికి చేర్చడమే ట్రే చేయవలసిన పని. మీ ట్రేకి గోడలు పోగా లోపల సుమారు 19 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉంటుంది. అందులో 11 అంగుళాల పొడవు, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు ఉన్న రెండు పెద్ద పుస్తకాలను ఒకదాని మీద ఒకటి, పొడవు ట్రే పొడవు వెంట వచ్చేలా, టీపాయ్ ఖాళీ భాగం వైపు, సోఫాకు దూరపు గోడకు ఆనించి పడుకోబెట్టండి. పేర్లున్న వెన్నులు సోఫా వైపు ఉండాలి. కూర్చున్నవారు పేరు చదవగలిగితేనే పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటారు. పక్కన మిగిలిన ఎనిమిది అంగుళాల్లో, అంటే టీపాయ్ చివరి వైపున, ఆరు అంగుళాలకు మించని సాసరుతో చిన్న కుండీ వస్తుంది. పుస్తకాలకూ కుండీకీ మధ్య రెండు అంగుళాల సందు తప్పనిసరిగా వదలండి. సోఫా వైపున ట్రేలో నాలుగు అంగుళాలకు పైగా ఒక పట్టీ మిగులుతుంది. దాన్ని నింపకండి. రిమోట్లూ కళ్లజోడూ ఎలాగూ ఎక్కడో ఒకచోటికి చేరాలి, వాటి చోటు అదే.

పుస్తకాల దొంతర ఎత్తు గురించి చాలామంది ఆలోచించరు. చెక్క ట్రేల గోడ ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు ఉంటుంది. అందులో ఒకే ఒక సన్నటి పుస్తకం వేస్తే, గోడ చాటున పడి, ఎవరో మర్చిపోయి వెళ్లినట్టు కనిపిస్తుంది. దొంతర ట్రే గోడ కంటే కనీసం ఒక అంగుళం పైకి లేవాలి, అంటే రెండున్నర నుంచి మూడు అంగుళాలు. పెద్ద సైజు పుస్తకాలైతే రెండు చాలు. మన తెలుగు నవలలూ కథా సంపుటాలూ ఎక్కువగా డెమీ సైజులో, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, అయిదున్నర అంగుళాల వెడల్పుతో వస్తాయి కాబట్టి వాటినే పెట్టదలిస్తే మూడు నాలుగు అవసరమవుతాయి. పెద్దది కింద, చిన్నది పైన అన్న నియమం సరే, కానీ కింది దానికీ పై దానికీ సైజులో మరీ తేడా ఉంటే దొంతర మెట్లలా కనిపిస్తుంది. పెద్ద పుస్తకాలనూ డెమీ పుస్తకాలనూ ఒకే దొంతరలో కలపకుండా, ఒక నెల ఇవి, ఒక నెల అవి పెట్టుకోవడం నయం. మీ ఆరింటిలో మిగిలినవి అలమారులోకి వెళ్లాలి, టీపాయ్ కింది అరలోకి మాత్రం వద్దు. టీపాయ్ కింద కనిపించే బయలు కూడా హాలు విశాలంగా తోచడానికి తోడ్పడుతుంది.

ఇక్కడ విశాఖ వాతావరణం గురించి ఒక మాట చెప్పాలి. మన గాలిలో ఏడాదిలో చాలా భాగం తేమ ఎక్కువ. నున్నటి ఆర్టు కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు బరువు కింద నెలల తరబడి కదలకుండా ఉంటే పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీయబోతే రంగు ఊడి వస్తుంది. మామూలు కాగితమైతే అంచుల మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. అడుగు పుస్తకాన్ని తీసి వాసన చూడండి, ముక్కిన వాసన వచ్చిందంటే తేమ అప్పటికే పట్టిందన్నమాట. రెండు మూడు వారాలకు ఒకసారి దొంతరను తిరగవేసి, పేజీలను ఫ్యాను గాలికి పలపలా ఆడించి పెడితే ఈ బాధ చాలావరకు ఉండదు. కుండీకి దొంతరకూ మధ్య ఆ రెండు అంగుళాల సందు వదలమన్నది కూడా ఇందుకే. అందానికి ఒక అంగుళం చాలు, తేమకు రెండు కావాలి.

మొక్క విషయంలో మాత్రం మీ ఇప్పటి ఎంపికను మార్చమంటాను. మనీప్లాంటు మంచి మొక్కే, కానీ దాని స్వభావం పాకడం. కుండీ ఆరు అంగుళాలే అయినా తీగలు పక్కలకు జారి అడుగున్నర మేర టీపాయ్‌ను ఆక్రమిస్తాయి, అప్పుడు కుండీ కొలత చూసి వేసిన లెక్కంతా తప్పుతుంది. టీపాయ్ మీది మొక్కకు ఆకులు విచ్చుకున్న వెడల్పును కొలవాలి, అది పది అంగుళాల లోపు ఉండాలి. దీనికంటే ముఖ్యమైనది మీ మనవడి సంగతి. మనీప్లాంటు, అగ్లోనిమా, జీజీ ప్లాంటు ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పిల్లవాడు ఆకు నమిలితే నోరూ నాలుకా మండి, వాస్తాయి. టీపాయ్ ఎత్తు సరిగ్గా రెండేళ్లవాడి చేతికి అందే ఎత్తు. వాడు వచ్చినప్పుడు తీసేద్దాంలే అనుకోవడం కంటే, ఆ గుణం లేని పెపరోమియాను తెచ్చుకోండి. దళసరి ఆకులతో గుబురుగా, పొట్టిగా పెరుగుతుంది, నగరంలోని నర్సరీల్లో అడగండి, దొరక్కపోతే కడియం నుంచి తెప్పించమనండి. కుండీ అడుగు వెడల్పుగా, బరువుగా ఉన్నది చూసుకోండి, లాగితే పడిపోకూడదు. పత్రికల్లోని ఫోటోల్లో మట్టి మీద తెల్లటి గులకరాళ్లు పరుస్తారు. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అవి వద్దు, తిన్నగా నోట్లోకే పోతాయి. టీపాయ్ మీద వేలాడే గుడ్డ పట్టీ కూడా అందుకే వద్దు, ఒక్క గుంజుకు ట్రే అంతా కిందికి వస్తుంది.

ఎత్తుకు ఒక హద్దు ఉంది. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి దాదాపు 45 అంగుళాల ఎత్తున ఉంటాయి, టీపాయ్ 17 అంగుళాలు ఉంటుంది. కుండీతో కలిపి మొక్క 13 అంగుళాలైతే దాని కొస 30 దగ్గర ఆగుతుంది, ఎదురుగా కూర్చున్నవారి ముఖానికీ అడ్డు రాదు, టీవీకీ అడ్డు రాదు. ట్రేలో రిమోట్లు అడుగున, పుస్తకాల మీద నాలుగు అంగుళాల బొమ్మ ఒకటి పెడితే అది ఆరు ఏడు అంగుళాల దగ్గర, మొక్క 13 దగ్గర వస్తాయి. ఇలా ఒక్కొక్కటీ ముందుదాని కంటే బాగా ఎత్తులో ఉంటే, మొక్క ఉన్న చివర నుంచి ఖాళీ వైపుకు చూపు మెల్లగా దిగుతుంది. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు వస్తువులు మూడే అయినా గుంపులా కనిపిస్తాయి.

నీళ్ల దగ్గర జాగ్రత్త అవసరం. మట్టికుండీని నేరుగా ట్రేలో పెడితే అది చెమర్చి, చెక్క మీద గుండ్రటి మచ్చ వేస్తుంది, ఆ మచ్చ పాలిషుతో తప్ప పోదు. నర్సరీ వారిచ్చే ప్లాస్టిక్ కుండీలోనే మొక్కను ఉంచి, దాన్ని అడుగున రంధ్రం లేని పింగాణీ కుండీలో దించండి. నీళ్లు పోయాలంటే లోపలి కుండీని తీసి వంటింటి సింకులో పెట్టి, నిండా పోసి, అరగంట నీరు కారనిచ్చి, తిరిగి దించండి. పై మట్టి ఒక అంగుళం లోతున పొడిగా తగిలినప్పుడే నీళ్లు. మన ఉక్కపోతలో అది ఆలస్యంగా ఆరుతుంది, వారం అని లెక్క పెట్టుకుని పోస్తే వేళ్లు కుళ్లుతాయి. పింగాణీ కుండీ అడుగున నీరు నిలిచిందేమో ప్రతి వారం చూసి ఒంపేయండి. డెంగీని మోసే దోమ ఆ మాత్రం నీటిలోనే గుడ్లు పెడుతుంది. వెలుతురు చాలకపోతే కొత్త ఆకులకూ ఆకులకూ మధ్య కాడ సాగుతుంది. అప్పుడు మొక్కను బాల్కనీ తలుపు పక్కకు మార్చి, ఇంకొకదాన్ని ట్రేలోకి తేవాలి. రెండు పెపరోమియాలు కొనుక్కుని రెండు వారాలకు ఒకటి చొప్పున మార్చుకుంటే ఏదీ వాడిపోదు. సముద్రం వైపు బాల్కనీ అయితే ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడతాయి, అప్పుడప్పుడు మంచినీళ్లతో ఆకులు కడగండి.

మీ ఏటికొప్పాక బొమ్మల గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కతో రంగు వేసి చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంత పనితనం ఉన్న వస్తువులను అయిదు ఒకచోట కుదిస్తే ఏ ఒక్కదాన్నీ ఎవరూ నిలిచి చూడరు. పుస్తకాల మీద ఒక్కటి పెట్టండి, నాలుగు లోపల దాచండి, నెలకొకటి మార్చండి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి టీ ఫ్లాస్కు పక్కన ఉంచవద్దు. శానిటైజరుతో తుడవవద్దు, అందులోని ఆల్కహాలు లక్కను కరిగించి మెరుపు తీసేస్తుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. మనవడు వచ్చిన రోజుల్లో ఆ ఒక్కటీ కూడా పైకి వెళ్లాలి. దాని చిన్న భాగాలు ఊడితే వాడి గొంతులోకి పోయే సైజువి.

మీ మనీప్లాంటును పారేయనక్కరలేదు, అది గుమ్మం పక్కన కన్సోల్ మీదికి వెళ్తుంది. కన్సోల్‌ను ముందు నుంచి తప్ప చూసేవారు ఉండరు, వెనుక గోడ ఉంటుంది, కాబట్టి టీపాయ్ మీద తప్పయిన ఎత్తూ పాకే తీగలూ అక్కడ ఒప్పుతాయి. టేబుల్ ఒక చివర మొక్క, తీగ అంచు మీదుగా వేలాడేలా. అయితే మనవడు వచ్చిన రోజుల్లో కుండీని వాడి చేతికి అందనంత ఎత్తుకు మార్చండి. రెండో చివర తాళాలకూ ఉత్తరాలకూ 10 అంగుళాల చిన్న ట్రే. మధ్యలో అడుగున్నర ఖాళీ వదిలేయండి, బయటి నుంచి రాగానే చేతిలోని సంచీ దించేది అక్కడే. 12 అంగుళాల లోతులో పెద్ద పుస్తకాలు అంచు దాకా వస్తాయి గనుక అక్కడ పుస్తకాలు వద్దు.

అన్నీ సర్దాక గుమ్మంలో నిలబడి ఫోనుతో ఒక ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి అలవాటై కనిపించనివి ఫోటోలో వెంటనే కనిపిస్తాయి. మొదట ఏది గందరగోళంగా అనిపిస్తే దాన్ని తొలగించి, మళ్లీ ఫోటో తీయండి. ఆ తర్వాత వారం రోజులు గమనించండి. దుమ్ము తుడవడానికి ట్రేతో పాటు ఇంకేదైనా ఎత్తవలసి వస్తోందా, టీ వచ్చినప్పుడు ఎవరైనా రిమోట్‌నో పత్రికనో పక్కకు తోస్తున్నారా అని చూడండి. పత్రిక వచ్చి ఆ 19 అంగుళాల ఖాళీలో మకాం వేయడం మొదలుపెడితే, సోఫా పక్కన ఒక వెదురు బుట్ట పెట్టి దానికి అక్కడ చోటివ్వండి.